మార్కుల ఎంట్రీ పూర్తి కాక రిజల్ట్స్ జాబ్ ఆగిపోతే: ఏం చూడాలి, ఎలా రిపోర్ట్ చేయాలి

సాయంత్రం ఐదింటికి మార్కుల ఎంట్రీ గడువు ముగిసింది. ఆరింటికి రిజల్ట్స్ పబ్లిష్ చేసే జాబ్ నడవాలి. నడిచింది కూడా. కానీ వెబ్‌సైట్‌లో రిజల్ట్స్ రాలేదు. లాగ్ తెరిస్తే ఈ ఒక్క లైను ఉంది:

```
18:00:07 IST publish_results exam=2-1-REG status=HELD reason=MARKS_INCOMPLETE subject=EC304 missing=43
```

ఎగ్జామ్ బ్రాంచ్‌లో కంప్యూటర్ పని చూసేవాళ్లకి ఇక్కడి నుంచి టెన్షన్ మొదలవుతుంది. కంట్రోలర్ గారు ఫోన్ చేస్తారు, ప్రిన్సిపాల్ గారు అడుగుతారు, పిల్లలు పేజీని రిఫ్రెష్ చేస్తూనే ఉంటారు. ఈ ఒత్తిడిలో "సర్వర్ ప్రాబ్లమ్ సార్" అనే మాట చటుక్కున నోటికొస్తుంది. ఆ మాట అనకూడదు. సర్వర్ బాగానే ఉంది, జాబ్ కూడా బాగానే ఉంది. 43 మంది మార్కులు లేవు కాబట్టి అది తన పని తాను చేసి ఆగింది. ఈ తేడా పైవాళ్లకి మొదటి పది నిమిషాల్లోనే అర్థమయ్యేలా చెప్పగలిగితే మిగతా పని సాఫీగా సాగుతుంది. సర్వర్ అని చెబితే వాళ్లు సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ చేస్తూ కూర్చుంటారు. మార్కులు ఎంటర్ చేయాల్సిన ఎగ్జామినర్ ఈలోపు బస్సెక్కి ఊరెళ్లిపోతారు.

వివరించడానికి ఒక అటానమస్ ఇంజినీరింగ్ కాలేజీని ఊహించుకుందాం. రెండో సంవత్సరం మొదటి సెమిస్టర్ రెగ్యులర్ పరీక్షలు. మొత్తం 612 మంది విద్యార్థులు. ఒక్కో థియరీ సబ్జెక్టుకి జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22 పద్ధతిలోలాగే ఇంటర్నల్ 40, ఎక్స్‌టర్నల్ 60. ఆగిపోయిన పేపర్‌ని రాయాల్సినవాళ్లు 236 మంది. ఈ అంకెలు ఉదాహరణ కోసం వేసుకున్నవే. మీ కాలేజీ అంకెలు వేరైనా లెక్క తేల్చే పద్ధతి మాత్రం ఇదే.

మొదటి అడుగు: మిగతా జాబ్‌లు కూడా ఆగాయో లేదో చూడండి

చాలామంది ముందు "ఎవరి మార్కులు లేవు" అని వెతకడం మొదలుపెడతారు. అంతకంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. రిజల్ట్స్ జాబ్ వెనక వరసగా ఇంకొన్ని ఉంటాయి. విద్యార్థులకీ తల్లిదండ్రులకీ వెళ్లే ఎస్ఎంఎస్, మార్కుల మెమోల ప్రింటింగ్ ఫైలు, రీవాల్యుయేషన్ అప్లికేషన్ లింకు, సప్లిమెంటరీ ఫీజు నోటిఫికేషన్. ఇవి రిజల్ట్స్ జాబ్ సక్సెస్ అయ్యాకే నడిచేలా కట్టి ఉంటే ఇబ్బంది లేదు. అలా కాకుండా దేని టైమ్ దానికి విడిగా పెట్టి ఉంటే మాత్రం ప్రమాదం. క్రాంట్యాబ్‌లో ఇలా ఉంటుంది:

```
0 18 * * 5  /opt/exam/publish_results.sh
0 19 * * 5  /opt/exam/send_sms.sh
```

రెండో లైనుకి మొదటి దానితో సంబంధమే లేదు. ఏడింటికి అది నడుస్తుంది, "మీ రిజల్ట్స్ విడుదలయ్యాయి" అని 612 ఇళ్లకి మెసేజ్ పోతుంది. లింకు నొక్కితే ఖాళీ పేజీ. మార్కులు రాలేదంటే తమ పిల్లాడే ఫెయిలయ్యాడేమో అనుకునే తండ్రులుంటారు. కాబట్టి మీ చేతిలో ఉన్న ఆ గంటలో ముందు ఎస్ఎంఎస్ జాబ్‌ని ఆపండి, ఆపిన టైమ్ రాసి పెట్టుకోండి. రిపోర్ట్‌లో ఇది అవసరమవుతుంది.

దీంతోపాటే చూడాల్సింది ఆటోమేటిక్ రీట్రై. కొన్ని షెడ్యూలర్లలో జాబ్ ఆగితే అరగంటకోసారి మళ్లీ ప్రయత్నించమని పెట్టి ఉంటుంది. నెట్‌వర్క్ సమస్యలకి అది మంచిదే. ఇక్కడ మాత్రం దాన్ని ఆపేయాలి. ఎందుకంటే రాత్రి పదకొండున్నరకి ఎవరో ఇంటి నుంచి మార్కులు ఎంటర్ చేస్తే, పన్నెండింటికి రీట్రై నడిచి, రిజల్ట్స్ కమిటీ చూడకుండానే ఫలితాలు బయటికి పోతాయి. ఒకసారి ఆగిన రిజల్ట్స్ మళ్లీ కదలాలంటే మనిషి సంతకం ఉండాలి.

రెండో అడుగు: లెక్క తీయండి, కానీ సరైన చోటు నుంచి

లాగ్‌లో 43 అని ఉంది. ఆ అంకెని అలాగే పైకి పంపకూడదు. జాబ్ ఏం లెక్కపెట్టిందో మీరు మళ్లీ లెక్కపెట్టి చూడాలి. ఇక్కడ ఎక్కువమంది పడే గుంట ఏంటంటే, మార్కుల టేబుల్‌లో ఖాళీగా ఉన్న వరుసల్ని వెతకడం. ఒక విద్యార్థికి ఆ టేబుల్‌లో వరుసే పుట్టకపోతే అతను ఖాళీల్లో కూడా కనిపించడు. అసలు లేనివాళ్లని లెక్కపెట్టాలంటే, ఉండాల్సినవాళ్ల జాబితా దగ్గర మొదలుపెట్టాలి. అంటే పరీక్షకి రిజిస్టర్ అయినవాళ్ల టేబుల్ దగ్గర.

```sql
SELECT r.subject_code,
       COUNT(DISTINCT r.hall_ticket) AS expected,
       COUNT(m.marks) AS entered,
       SUM(CASE WHEN m.status = 'AB' THEN 1 ELSE 0 END) AS absent,
       SUM(CASE WHEN m.marks IS NULL AND m.status IS NULL
                THEN 1 ELSE 0 END) AS missing
FROM registrations r
LEFT JOIN external_marks m
       ON m.hall_ticket  = r.hall_ticket
      AND m.subject_code = r.subject_code
      AND m.exam_id      = r.exam_id
WHERE r.exam_id = '2-1-REG'
GROUP BY r.subject_code;
```

మన ఉదాహరణలో EC304కి వచ్చిన ఫలితం: ఉండాల్సినవాళ్లు 236, మార్కులు ఎంటరైనవాళ్లు 186, ఆబ్సెంట్ 7, ఏమీ లేనివాళ్లు 43. ఈ మూడూ కూడితే 236 రావాలి. 186, 7, 43 కలిపితే 236. సరిపోయింది. కూడితే తేడా వచ్చిందంటే ఒకే విద్యార్థికి రెండు వరుసలున్నాయనో, మార్కులూ ఆబ్సెంటూ రెండూ పడ్డాయనో, లేదా `AB` కాని ఇంకో స్టేటస్ ఉన్నవాళ్లు ఉన్నారనో అర్థం. అది తేలకుండా ముందుకి వెళ్లొద్దు.

ఇక్కడ `NULL` అనేది సున్నా కాదని ప్రత్యేకంగా చెప్పాలి. ఎక్స్‌టర్నల్‌లో సున్నా అంటే పేపర్ దిద్దారు, ఏమీ రాలేదు అని. `AB` అంటే పరీక్షకే రాలేదు అని. `NULL` అంటే మనకింకా తెలియదు అని. ప్రోగ్రామ్‌లో ఎక్కడో ఒకచోట ఖాళీని సున్నాగా మార్చే లైను ఉంటే ఇంటర్నల్‌లో 36 తెచ్చుకున్న అమ్మాయికి ఎక్స్‌టర్నల్ సున్నా కలిసి మొత్తం 36 అవుతుంది, ఎఫ్ గ్రేడ్ పడుతుంది. ఆ అమ్మాయి జవాబు పత్రం ఉన్న బండిల్ బీరువాలో క్షేమంగానే ఉంటుంది, అందులో ఆమెకి 48 వేసి ఉంటారు.

మార్కులున్నా సున్నా పడటం ఊహ కాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తెలుగులో 99 రావాల్సిన విద్యార్థినికి సున్నా పడింది. ఓఎంఆర్ షీట్‌లో 99కి బదులు 00 అని బబుల్ చేయడం వల్ల అలా జరిగిందని తర్వాత తేలింది. పరీక్ష రాసినవాళ్లకి ఆబ్సెంట్ చూపించిందన్న ఫిర్యాదులూ వచ్చాయి. ఆ ఫలితాల తర్వాత పిల్లల ప్రాణాలు పోయాయి. ప్రభుత్వం ముగ్గురు సభ్యుల కమిటీని వేసి, ఫెయిలైనవాళ్లందరికీ ఉచితంగా రీవెరిఫికేషన్ చేయించాల్సి వచ్చింది. తప్పుగా బయటికెళ్లిన మార్కు ఒక రాత్రిలో చేయగలిగే నష్టం అంత ఉంటుంది. ఒకరోజు ఆలస్యం దాని ముందు లెక్కలోకి రాదు.

మూడో అడుగు: 43 ఎక్కడి నుంచి వచ్చిందో విడదీయండి

"43 మంది మార్కులు రాలేదు" అంటే వినేవాళ్లు 43 పేపర్లు దిద్దలేదని అనుకుంటారు. ఆ 43 ఒకే రకం కాకపోవచ్చు, చాలాసార్లు కాదు కూడా. విడదీయడానికి రెండు కాగితాలు కావాలి. ఒకటి పరీక్ష రోజు హాల్లో సంతకాలు తీసుకున్న డి-ఫారం. రెండోది వాల్యుయేషన్ క్యాంపులో బండిల్స్ ఎవరికి ఇచ్చారు, ఎప్పుడు తిరిగొచ్చాయి అని రాసే రిజిస్టర్.

ముందు 43 హాల్ టికెట్ నంబర్ల జాబితా తీసి డి-ఫారంతో పోల్చండి. మన ఉదాహరణలో 40 మంది సంతకాలు ఉన్నాయి. ఇద్దరి గడిలో ఎర్ర సిరాతో ఆబ్సెంట్ అని ఉంది. ఒకరి దగ్గర మాల్‌ప్రాక్టీస్ కేసు బుక్ చేసినట్టు ఉంది.

తర్వాత బండిల్స్ వైపు నుంచి రండి. 236 మందిలో ఆబ్సెంట్ అసలు 9 మంది, ఏడుగురికే సిస్టమ్‌లో పడింది. మాల్‌ప్రాక్టీస్ పేపర్ విడిగా కవర్‌లో వెళ్లింది. అంటే క్యాంపుకి వచ్చిన పేపర్లు 226. బండిల్‌కి నలభై చొప్పున ఐదు బండిల్స్, చివరిది 26 పేపర్లది. మొత్తం ఆరు. ఎంటరైన మార్కులు 186, అంటే సరిగ్గా ఒక నలభై పేపర్ల బండిల్ తక్కువ. రిజిస్టర్‌లో చూస్తే నాలుగో బండిల్ దిద్దడం అయిపోయింది, అవార్డ్ లిస్ట్ మీద ఎగ్జామినర్ సంతకమూ ఉంది. పోర్టల్‌లో మాత్రం ఆ బండిల్ ఎదురుగా `DRAFT` అని ఉంది. ఎగ్జామినర్ నలభై మార్కులూ కొట్టి సేవ్ నొక్కారు, ఫైనల్ సబ్మిట్ నొక్కలేదు.

ఈ పోలికలో ఒక సుఖం ఉంది. బార్‌కోడ్ వేసిన పేపర్ ఏ విద్యార్థిదో తెలియకూడదు కదా. మనం దాన్ని డీకోడ్ చేయలేదు. డి-ఫారం వైపు నలభై, బండిల్ వైపు నలభై, రెండూ సరిపోయాయి, అంతే. ఎవరి పేపరో చూడాల్సిన అవసరమే రాలేదు. లెక్క తేల్చడానికని తొందరపడి డీకోడింగ్ ఫైలు తెరిచేవాళ్లున్నారు. మార్కులు ఫైనల్ కాకముందే పేపర్ ఎవరిదో తెలిసిపోతే రేపు ఎవరైనా ఆ బండిల్ మీద అనుమానం పడితే జవాబు ఉండదు.

ఇప్పుడు 43 అనే అంకె మూడు ముక్కలైంది: సబ్మిట్ కాని బండిల్ 40, వేయని ఆబ్సెంట్ 2, కమిటీ నిర్ణయం రాని మాల్‌ప్రాక్టీస్ 1. మూడింటికీ పరిష్కారం వేరు, చేయాల్సిన మనిషి వేరు. ఆబ్సెంట్లు డి-ఫారం చూసి ఎగ్జామ్ బ్రాంచ్‌లోనే వేయొచ్చు. మాల్‌ప్రాక్టీస్‌కి `MP` స్టేటస్ పెడితే ఆ ఒక్కరి ఫలితం విత్‌హెల్డ్‌లో ఉంటుంది, మిగతావాళ్లకి అడ్డం రాదు. బండిల్‌కి మాత్రం ఎగ్జామినరే కావాలి.

నాలుగో అడుగు: చేయకూడని మూడు పనులు

డ్రాఫ్ట్‌లో నలభై మార్కులూ కళ్లముందే కనిపిస్తున్నాయి. డేటాబేస్‌లో ఒక `UPDATE` కొడితే `DRAFT` కాస్తా `FINAL` అవుతుంది, పది నిమిషాల్లో రిజల్ట్స్ వచ్చేస్తాయి. అలా చేయొద్దు. సబ్మిట్ నొక్కడమంటే "ఇవి నేను సరిచూసుకున్న మార్కులు" అని ఎగ్జామినర్ చెప్పడం. ఆవిడ చెప్పని మాట మీరు ఆవిడ పేరుతో చెప్పినట్టవుతుంది. పైగా డ్రాఫ్ట్‌లో 46ని 64గా కొట్టి ఉండొచ్చు. అవార్డ్ లిస్ట్ పక్కన పెట్టుకుని చూసేవరకు ఎవరికీ తెలియదు.

రెండోది, చెకింగ్‌ని దాటేసే ఆప్షన్. చాలా ప్రోగ్రామ్‌ల్లో `--force` లాంటిది ఒకటి ఉంటుంది. పైనుంచి "ఏదో ఒకటి చేసి రిలీజ్ చేయండి" అని ఫోన్ వస్తే చేయి దాని మీదకే పోతుంది. అలాంటి ఆదేశం వస్తే మర్యాదగా ఒక్కటే అడగండి: "సార్, ఈ మాట మెయిల్‌లో పెట్టించండి, చేస్తాను." రాతపూర్వకంగా అడిగితే ఆ ఆదేశాన్ని వాళ్లు కూడా ఇంకోసారి ఆలోచిస్తారు.

మూడోది, ఆ నలభై మందిని వదిలేసి మిగతావాళ్లకి విడుదల చేయడం. ఇది పైకి న్యాయంగానే కనిపిస్తుంది. కానీ ఒకే క్లాసులో పక్కపక్కన కూర్చున్నవాళ్లలో కొందరికి ఫలితం వచ్చి కొందరికి విత్‌హెల్డ్ అని పడితే, తాము మాల్‌ప్రాక్టీస్‌లో ఇరుక్కున్నామేమో అని ఆ నలభై మంది రాత్రంతా నిద్రపోరు. ఇంకో కారణం కూడా ఉంది. రిజల్ట్స్ కమిటీ ఆ పేపర్ పాస్ శాతం చూసి మోడరేషన్ అవసరమా అని నిర్ణయిస్తుంది. 226లో నలభై పేపర్లు లేకుండా తీసిన శాతం నిజమైన శాతం కాదు. ఆ పేపర్ రాయని మిగతా 376 మందికి విడుదల చేయడం మాత్రం వేరే సంగతి. వాళ్ల సబ్జెక్టులన్నీ పూర్తయ్యాయి, ఎస్‌జీపీఏ లెక్క కడుతుంది. అది చేయాలా వద్దా అన్నది కంట్రోలర్ గారి నిర్ణయం. మన పని ఆ దారి ఉందని చెప్పడం వరకే.

ఐదో అడుగు: ముందు ఫోన్, వెంటనే మెసేజ్

మొదటి రిపోర్ట్ కోసం లెక్కంతా తేలేదాకా ఆగకండి. జాబ్ ఆగిన పది పదిహేను నిమిషాల్లో కంట్రోలర్ గారికి ఫోన్ వెళ్లాలి. విద్యార్థుల నుంచో, ప్రిన్సిపాల్ గారి నుంచో ఆయనకి ముందు తెలిస్తే, తర్వాత మీరు ఎంత బాగా రాసినా సంజాయిషీలాగే ఉంటుంది.

ఫోన్‌లో సంభాషణ ఇలా నడిస్తే చాలు:

"సార్, నమస్తే. టూ వన్ రిజల్ట్స్ ఆరింటికి పబ్లిష్ కాలేదు. ఒక పేపర్‌లో మార్కుల ఎంట్రీ పూర్తి కాలేదు, అందుకని సిస్టమ్ ఆపింది. బయటికి ఏ మార్కులూ వెళ్లలేదు."

"ఎంతమందివి?"

"నలభై మూడు సార్. డి-ఫారంతో పోలుస్తున్నాం. ఆరున్నరకల్లా ఎందుకు రాలేదో విడివిడిగా చెబుతాను. ఎస్ఎంఎస్ ఆపేశాను."

"సర్వర్ సమస్యేం కాదు కదా?"

"కాదు సార్. సర్వర్ బాగానే ఉంది."

ఇందులో క్షమాపణలు లేవు, ఎవరి పేరూ లేదు, ఊహలూ లేవు. ఏం జరిగింది, ఏం జరగలేదు, మళ్లీ ఎప్పుడు చెబుతాను అన్నవే ఉన్నాయి. "బయటికి ఏ మార్కులూ వెళ్లలేదు" అన్న మాట తప్పకుండా ఉండాలి. పైవాళ్ల మొదటి భయం అదే. కానీ చెప్పేముందు మీ కళ్లతో సరిచూసుకోండి. ఒక హాల్ టికెట్ నంబర్ కొట్టి రిజల్ట్ పేజీ ఏం చూపిస్తుందో చూడండి, లాగిన్ కాకుండా, మీ ఫోన్‌లోని మొబైల్ డేటాతో. ఆఫీసు నెట్‌వర్క్‌లో కనిపించేది బయట కనిపించేదీ ఒకటే కావాలని లేదు.

ఆరో అడుగు: రాతపూర్వక రిపోర్ట్

ఇది ఒక పేజీ దాటకూడదు. కంట్రోలర్ గారు దీన్ని ప్రిన్సిపాల్ గారికి అలాగే ఫార్వర్డ్ చేస్తారు, కాబట్టి విడిగా చదివినా అర్థం కావాలి. టేబుల్ పేర్లు, ఎర్రర్ కోడ్‌లు ఇందులో వద్దు. టైమ్‌లన్నీ ఐఎస్‌టీలో రాయండి. సర్వర్ యూటీసీలో ఉంటే లాగ్‌లో ఆరు గంటలది 12:30 అని కనిపిస్తుంది. దాన్నలాగే కాపీ చేస్తే మధ్యాహ్నమే జాబ్ నడిచిందని ఎవరో ఒకరు పట్టుకుంటారు.

మన ఉదాహరణకి రిపోర్ట్ ఇలా ఉంటుంది:

> విషయం: 2-1 రెగ్యులర్ ఫలితాలు నిలిపివేత, ఒక పేపర్‌లో మార్కుల ఎంట్రీ అసంపూర్తి. రాత్రి 8 లోపు మీ నిర్ణయం అవసరం.
>
> గౌరవనీయులైన కంట్రోలర్ గారికి,
>
> ఈరోజు సాయంత్రం 6:00కి విడుదల కావాల్సిన 2-1 ఫలితాలు విడుదల కాలేదు. EC304 పేపర్‌లో 236 మందికి గాను 43 మంది వివరాలు గడువు (5:00) నాటికి సిస్టమ్‌లో లేవు. అందువల్ల ఫలితాలను సిస్టమ్ నిలిపివేసింది. ఏ విద్యార్థి మార్కులూ బయటికి వెళ్లలేదు. 6:10కి బయటి నుంచి పేజీ తెరిచి సరిచూశాం. ఎస్ఎంఎస్‌ను 6:08కి ఆపాం.
>
> ఆ 43 వివరాలు: నాలుగో బండిల్‌లో 40 పేపర్లు. దిద్దడం పూర్తయింది, అవార్డ్ లిస్ట్ మన దగ్గర ఉంది, పోర్టల్‌లో ఫైనల్ సబ్మిట్ కాలేదు. ఇద్దరు ఆబ్సెంట్ (డి-ఫారం ప్రకారం), సిస్టమ్‌లో వేయలేదు. ఒకటి మాల్‌ప్రాక్టీస్ కేసు, కమిటీ నిర్ణయం రావాలి.
>
> ఇతర సబ్జెక్టులన్నీ పూర్తయ్యాయి.
>
> మీ అనుమతి కోరుతున్నవి: 1. నాలుగో బండిల్‌కి మాత్రమే రేపు ఉదయం 10:00 నుంచి 11:00 వరకు ఎంట్రీ తిరిగి తెరవడం. 2. ఆబ్సెంట్ ఇద్దరినీ డి-ఫారం ప్రకారం నమోదు చేయడం. 3. మాల్‌ప్రాక్టీస్ కేసును విత్‌హెల్డ్‌లో ఉంచడం.
>
> మీ నిర్ణయం కోరుతున్నది: (అ) అందరి ఫలితాలూ రేపు సాయంత్రం 4:00కి కలిపి విడుదల చేయడం, లేదా (ఆ) ఈ పేపర్ లేని 376 మందికి ఈ రాత్రి, మిగతా 236 మందికి రేపు. మా సూచన (అ). ఒకే సెమిస్టర్‌కి రెండు విడుదల తేదీలుంటే రీవాల్యుయేషన్ గడువులు కూడా రెండవుతాయి.
>
> తదుపరి సమాచారం రేపు ఉదయం 11:15కి పంపుతాం.

ఇందులో ఎగ్జామినర్ పేరు లేదు, బండిల్ నంబరే ఉంది. పేరు కావాలంటే కంట్రోలర్ గారు రిజిస్టర్‌లో చూసుకోగలరు. మెయిల్‌లో పేరు పెడితే అది ఎంతమందికి ఫార్వర్డ్ అవుతుందో మన చేతిలో ఉండదు. ఆ ఎగ్జామినర్ మేడమ్ నాలుగు రోజులు కూర్చుని దిద్ది చివర్లో ఒక్క బటన్ మర్చిపోయారు. ఊరందరి ముందు ఆమెని నిలబెట్టాల్సిన పని లేదు.

ఇంకో సంగతి, సబ్జెక్ట్ లైన్‌లోనే "రాత్రి 8 లోపు నిర్ణయం" అని ఉంది. అది లేకపోతే మెయిల్ చదివి "నోటెడ్" అని జవాబిస్తారు, నిర్ణయం మాత్రం రాదు. మీకు కావాల్సిన జవాబు ఏంటో, ఎప్పటిలోపో మీరే అడగాలి.

విద్యార్థులకి పెట్టే నోటీసు దీనికంటే చిన్నది. "2-1 ఫలితాలు ఈరోజు విడుదల కావడం లేదు. మార్కుల పరిశీలన పూర్తయ్యాక రేపు సాయంత్రం 4 గంటలకు విడుదలవుతాయి. రీవాల్యుయేషన్ గడువు విడుదల తేదీ నుంచి లెక్కిస్తాం." ఏ పేపర్ అన్నది నోటీసులో రాయకూడదు. రాస్తే ఆ సబ్జెక్టు చెప్పిన లెక్చరర్ ఫోన్ ఆ రాత్రి ఆగదు. నిర్ణయం రాకముందు తేదీ కూడా ప్రకటించొద్దు. రెండోసారి వాయిదా పడితే ఆ తర్వాత మీ నోటీసుని ఎవరూ నమ్మరు.

ఏడో అడుగు: తిరిగి తెరవడం, మళ్లీ నడపడం

అనుమతి మెయిల్ వచ్చాకే ఎంట్రీ తెరవండి. ఆ ఒక్క బండిల్‌కే తెరవండి. పేపర్ మొత్తానికి తెరిస్తే మిగతా ఐదు బండిల్స్‌లో మార్కులు మారే వీలుంటుంది. మారలేదని తర్వాత నిరూపించడం కష్టం. మన మేడమ్ ఉదయం పదింటికి వచ్చి, అవార్డ్ లిస్ట్ ఒకరు పైకి చదువుతుంటే స్క్రీన్ చూసుకుని, ఫైనల్ సబ్మిట్ నొక్కారనుకుందాం. వెంటనే ఎంట్రీ మూసేయండి. ఆబ్సెంట్లు, `MP` స్టేటస్ వేసి, రెండో అడుగులోని క్వెరీ మళ్లీ నడపండి. 226 మార్కులు, 9 ఆబ్సెంట్, 0 మిస్సింగ్ రావాలి. మిగిలిన ఒకటి `MP`. కూడితే 236.

ఆ అంకెలు రాసిన కాగితం మీద కంట్రోలర్ గారి సంతకం తీసుకుని, రిజల్ట్స్ కమిటీ పాస్ శాతం చూశాక, జాబ్‌ని చేత్తో నడపండి. విడుదలైన తర్వాత నాలుగో బండిల్‌లోంచి ఐదు పేపర్లు ఎంచుకుని, అవార్డ్ లిస్ట్‌లో ఉన్న మార్కూ వెబ్‌సైట్‌లో ఉన్న మార్కూ ఒకటేనా అని చూడండి. డీకోడింగ్ అధికారికంగా అయిపోయింది కాబట్టి ఇప్పుడు చూడొచ్చు. అది సరిపోయాకే ఎస్ఎంఎస్ జాబ్ వదలండి.

ముగింపు రిపోర్ట్‌లో మూడు విషయాలు చాలు: ఎప్పుడు విడుదలైంది, ఎంత ఆలస్యమైంది, వచ్చే సెమిస్టర్‌కి ఏం మారుస్తున్నాం. మూడోదాన్ని "ఇకపై జాగ్రత్తగా ఉంటాం" అని రాస్తే ఏమీ మారదు. మన ఉదాహరణలో మార్చాల్సినవి స్పష్టంగా ఉన్నాయి. సేవ్ నొక్కిన తర్వాత స్క్రీన్ మీద "ఈ బండిల్ ఇంకా సబ్మిట్ కాలేదు" అని పెద్దగా చూపించాలి. క్యాంప్ ఆఫీసులో అవార్డ్ లిస్ట్ తీసుకునే క్లర్క్, పోర్టల్‌లో `FINAL` చూశాకే రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి. ఎస్ఎంఎస్ జాబ్‌ని రిజల్ట్స్ జాబ్ వెనక కట్టాలి. గడువుకి రెండు రోజుల ముందు నుంచి రోజూ ఉదయం తొమ్మిదింటికి ఇదే క్వెరీ నడిచి, మిస్సింగ్ ఉన్న బండిల్ నంబర్లు చీఫ్ ఎగ్జామినర్‌కీ కంట్రోలర్ గారికీ వెళ్లాలి. ఒక్కో మార్పు పక్కన ఎవరు చేస్తారో, ఏ తేదీలోపో రాసి, సప్లిమెంటరీ పరీక్షల మార్కుల ఎంట్రీ మొదలయ్యేలోపు ఒకసారి డమ్మీ డేటాతో నడిపి చూసిన ఫలితాన్ని అదే ఫైల్లో జతచేయండి.